ర్యాంప్ రోస్టర్: రెండు పీక్‌లకు స్ప్లిట్ షిఫ్టా, స్టాగర్డ్ షిఫ్టా?

పొద్దున ఎనిమిదింటికి ఆరు టీమ్‌లు కూడా చాలక ఉరుకులు పరుగులు. పదకొండింటికి అవే ఆరు టీమ్‌లలో నాలుగు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఉంటాయి. సాయంత్రం ఐదింటికి మళ్లీ పొద్దుటి కథే. ఫ్లైట్లు రెండు గుంపులుగా వచ్చే ఏ ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లోనైనా, విమానాలు నిలిచే చోట పనిచేసే ర్యాంప్ టీమ్‌లకు రోస్టర్ వేసేవాళ్ల తలనొప్పి ఇదే. దీనికి మందుగా స్టాగర్డ్ షిఫ్టులు, స్ప్లిట్ షిఫ్టులు, నాలుగు గంటల పార్ట్‌టైమ్ షిఫ్టులు అని మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ ఒకే జబ్బును నయం చేయవు. ఏది దేనికి పనికొస్తుందో ఒక రోజు లెక్క వేసి చూస్తే తేలిపోతుంది.

ముందు డిమాండ్ లెక్క. నారోబాడీ విమానాలు, విమానం వచ్చి తిరిగి బయలుదేరే దాకా 40 నిమిషాల టర్న్‌అరౌండ్, టీమ్‌కు ఐదుగురు అనుకుందాం. విమానం స్టాండ్ మీదకు రావడానికి 10 నిమిషాల ముందే టీమ్ అక్కడ ఉండాలి. నేల మీద చెత్తా చెదారం, బోల్టులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరాలి, చాక్‌లు, కోన్‌లు, బెల్ట్ లోడర్ సిద్ధంగా పెట్టుకోవాలి. పుష్‌బ్యాక్ అయ్యాక సామాను సర్ది తిరిగి రావడానికి ఇంకో 10 నిమిషాలు. అంటే ఒక టర్న్‌అరౌండ్ ఒక టీమ్‌ను గంట సేపు కట్టిపడేస్తుంది. విమానం నేల మీద ఉన్న 40 నిమిషాలు మాత్రమే లెక్కలోకి తీసుకుంటే రోస్టర్ మొదటి రోజే కుప్పకూలుతుంది.

ఇక్కడ తీసుకున్న స్టేషన్ 05:00 నుంచి 23:00 దాకా నడుస్తుంది. గంట గంటకూ కావలసిన టీమ్‌లు ఇవి: 05:00కి 2, 06:00కి 4, 07:00, 08:00లకు 6 చొప్పున, 09:00కి 5, 10:00కి 3. ఆ తర్వాత 11:00 నుంచి 15:00 దాకా రెండు టీమ్‌లు చాలు. 15:00కి 3, 16:00కి 5, 17:00, 18:00లకు 6 చొప్పున, 19:00కి 4, 20:00కి 3, చివరి రెండు గంటలకు 2 చొప్పున. మొత్తం కలిపితే 65 టీమ్-గంటల పని. అసలు రోస్టర్‌కు గంటల లెక్క సరిపోదు, 15 నిమిషాల ముక్కలుగా వేయాలి. ఇక్కడ అర్థం కావడానికి గంటల్లో చెబుతున్నాం. ఈ అంకెలు తీసుకునేది కూడా షెడ్యూల్ టైమ్ నుంచి కాదు, గత కొన్ని వారాల్లో విమానాలు నిజంగా స్టాండ్ మీదకు వచ్చిన, స్టాండ్ వదిలిన టైమ్‌ల నుంచి. ఎప్పుడూ 20 నిమిషాలు లేటుగా వచ్చే ఫ్లైట్‌కు టైమ్‌కు టీమ్‌ను నిలబెడితే ఆ 20 నిమిషాలూ వృథా. పైగా ఆ టీమ్ తర్వాతి ఫ్లైట్‌కు అందదు.

రెండు ఫిక్స్‌డ్ షిఫ్టులు

05:00–14:00, 14:00–23:00. రెండింట్లోనూ పీక్‌కు ఆరు టీమ్‌లు కావాలి కాబట్టి 12 టీమ్‌లు, తొమ్మిదేసి గంటలు, 108 టీమ్-గంటలు. పని 65. అంటే కట్టే జీతంలో 60 శాతమే విమానం దగ్గర ఖర్చవుతోంది. రోస్టర్ వేయడం తేలిక, జనానికి అలవాటు, బ్రేక్‌ల బాధ లేదు. ఇంతకు మించి దీని గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

స్టాగర్డ్ స్టార్ట్

ఎనిమిది గంటల షిఫ్టే, కానీ అందరూ ఒకేసారి రారు. పొద్దున 05:00కి రెండు టీమ్‌లు, 06:00కి రెండు, 07:00కి రెండు. మధ్యాహ్నం 14:00కి రెండు, 15:00కి నాలుగు. టీమ్‌లు అవే 12, గంటలు 96. వినియోగం 68 శాతానికి పెరిగింది.

చాలామంది ఇక్కడ ఆశపడి దెబ్బతింటారు. స్టార్ట్ టైమ్‌లను ఎంత జరిపినా టీమ్‌ల సంఖ్య 12 నుంచి దిగదు. కారణం సూటిగా ఉంది. పొద్దుటి పీక్ 07:00కి మొదలవుతుంది, సాయంత్రం పీక్ 19:00కి ముగుస్తుంది. రెండింట్లోనూ ఒకే టీమ్ నిలబడాలంటే 12 గంటలు ఏకధాటిగా ఉండాలి. ఎనిమిది గంటల షిఫ్టుకు అది సాధ్యం కాదు. స్టాగరింగ్ రోజు మొదట్లో, చివర్లో ఉండే వృథాను కోస్తుంది, మధ్యలోని లోయను పూడ్చలేదు. అందుకే 11:00కి ఇంకా ఆరు టీమ్‌లు ఉంటాయి, పని రెండింటికే.

అయినా స్టాగరింగ్‌ను తీసిపారేయకూడదు. పీక్ ఒక్కటే ఉండి అటూ ఇటూ మెల్లగా తగ్గే స్టేషన్‌కు ఇదొక్కటే చాలు. రెండు పీక్‌లున్నా మొదటిదాని మొదలు నుంచి రెండోదాని చివరిదాకా ఎనిమిది తొమ్మిది గంటల్లో సర్దుకుంటే కూడా ఇదే మేలు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: జరపాల్సింది టీమ్‌ను, మనిషిని కాదు. ఐదుగురిలో ముగ్గురు 06:00కి, ఇద్దరు 06:30కి వస్తే ఆ అరగంట సేపు అది టీమే కాదు. బెల్ట్ లోడర్ నడిపే వ్యక్తి ఉంటాడు, హోల్డ్‌లోకి ఎక్కే మనిషి ఉండడు. షిఫ్టు ముగిసే టైమ్ కూడా టర్న్‌అరౌండ్ మధ్యలో పడకూడదు. విమానం తలుపు తెరిచిన టీమే ఆ విమానాన్ని పంపించాలి. లోడ్ సగంలో చేతులు మారితే ఏ బ్యాగులు ఏ హోల్డ్‌లోకి వెళ్లాయో చెప్పేవాడు లేకుండా పోతాడు.

ఇంకో మాట. గంట గంటకూ కావలసిన టీమ్‌ల ఈ వక్రరేఖ ర్యాంప్‌ది. చెక్-ఇన్ కౌంటర్లకు రద్దీ దీనికంటే ముందే వస్తుంది. ర్యాంప్ రోస్టర్ టైమ్‌లను యథాతథంగా కౌంటర్లకు అంటిస్తే క్యూ పెరిగాక మనుషులు వస్తారు.

స్ప్లిట్ షిఫ్ట్

ఒకే టీమ్ పొద్దున మూడు నాలుగు గంటలు చేసి, ఇంటికి వెళ్లి, సాయంత్రం మళ్లీ వచ్చి మూడు నాలుగు గంటలు చేస్తుంది. మన స్టేషన్‌కు మూడు స్ప్లిట్ టీమ్‌లు, ఏడు మామూలు టీమ్‌లు పెడితే రోస్టర్ ఇలా వస్తుంది:

| టీమ్ | స్టాండ్ దగ్గర ఉండే టైమ్ |
|---|---|
| ఉదయం 1, 2 | 05:00–13:00 |
| ఉదయం 3 | 06:00–14:00 |
| మధ్య టీమ్ | 12:00–20:00 |
| సాయంత్రం 1 | 13:00–21:00 |
| సాయంత్రం 2, 3 | 15:00–23:00 |
| స్ప్లిట్ 1 | 06:00–10:00, 16:00–19:00 |
| స్ప్లిట్ 2 | 07:00–10:00, 16:00–20:00 |
| స్ప్లిట్ 3 | 07:00–10:00, 16:00–19:00 |

పది టీమ్‌లు, 76 టీమ్-గంటలు. పని 65 కాబట్టి వినియోగం 86 శాతం దాకా వెళ్లింది. రోజుకు 60 మంది బదులు 50 మంది చాలు. వారానికి ఐదు రోజుల పని అయితే పేరోల్ మీద 84 మంది బదులు 70 మంది. సెలవులకు, ట్రైనింగ్‌కు పోయే రోజులకు ఇంకా కొందరిని రెండు లెక్కల్లోనూ కలపాలి.

స్ప్లిట్లను కూడా ఒకే టైమ్‌కు పెట్టలేదని గమనించండి. మూడూ 07:00–10:00, 16:00–19:00 అయితే 06:00కి ఒక టీమ్ తగ్గుతుంది, 19:00కి బ్రేక్‌లు ఇవ్వడానికి అదనపు టీమ్ మిగలదు. ఒకటి గంట ముందు మొదలై, ఇంకొకటి గంట ఆలస్యంగా ముగిసేసరికి ఆ రెండు కన్నాలూ పూడాయి. స్టాగరింగ్, స్ప్లిట్ కలిసి పని చేయడమంటే ఇదే.

మధ్య టీమ్ అదనపు ఖర్చులా కనిపిస్తుంది. అది లేకపోతే 14:00కి సాయంత్రం 1 ఒక్కటే మిగులుతుంది, కావలసింది రెండు. అంతకంటే ముఖ్యం, 17:00, 18:00 పీక్‌లో ఏడు టీమ్‌లు ఉండేది దీనివల్లే. పొద్దుటి పీక్‌లో అలాంటి అదనం పెట్టలేదు, కావాలనే. పొద్దున బయలుదేరే విమానాల్లో చాలావరకు రాత్రి ఇక్కడే నిలిచినవి, లేటుగా వచ్చే ప్రసక్తి తక్కువ. ఆలస్యం రోజంతా పోగై సాయంత్రానికి ఇక్కడికి చేరుతుంది. చేతిలో ఒకే అదనపు టీమ్ ఉంటే దాన్ని సాయంత్రానికే ఉంచాలి. మీ స్టేషన్‌లో విమానాలు రాత్రి ఆగకపోతే ఈ వాదన మీకు వర్తించదు, పొద్దునకూ అదనం కావాలి.

బ్రేక్‌లు ఎక్కడ పడతాయో వేసి చూడని రోస్టర్ రోస్టరే కాదు. ఉదయం 1, 2లకు 09:00 నుంచి 10:00 మధ్య అరగంట చొప్పున దొరుకుతుంది, ఎందుకంటే అప్పుడు ఆరు టీమ్‌లుండి ఐదింటికే పని. ఉదయం 3కి 11:00కి. మధ్య టీమ్‌కు 15:00కి, సాయంత్రం 1కి 16:00కి. సాయంత్రం 2, 3లకు 19:00 నుంచి 20:00 మధ్య ఒకదాని తర్వాత ఒకటి. స్ప్లిట్ టీమ్‌లకు విడిగా భోజన విరామం అక్కర్లేదు. 86 శాతం వినియోగంలో అందం ఎంత ఉందో బిగువు కూడా అంతే ఉంది: పొద్దున 09:00 దాకా, మళ్లీ 10:00కి, 14:00కి, 20:00 తర్వాత ఉన్న టీమ్‌లు, కావలసిన టీమ్‌లు సరిగ్గా సమానం. ఒక్కరు రాకపోయినా టీమ్ నలుగురితో నడుస్తుంది. 06:00–10:00కి ఇద్దరు స్టాండ్‌బై మనుషులు లేకుండా దీన్ని మొదలుపెట్టకండి.

కాగితం మీద కుదిరి, నేల మీద విరిగేది

స్ప్లిట్ రోస్టర్లు ఎక్కువగా విరిగేది విశ్రాంతి లెక్క దగ్గర. యూరప్ పని గంటల నిబంధన 2003/88 ప్రకారం ప్రతి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. మీ దగ్గర చట్టం వేరే అంకె చెప్పినా, రాకపోకలు, నిద్ర లెక్కేస్తే 11 కంటే తక్కువ పెట్టుకోవడం తెలివైన పని కాదు. 24 నుంచి 11 తీసేస్తే 13. పొద్దున సంతకం పెట్టినప్పటి నుంచి రాత్రి బయటపడే దాకా 13 గంటలు దాటకూడదన్నమాట.

పై పట్టికలో స్ప్లిట్ 1ది 06:00 నుంచి 19:00, సరిగ్గా 13. స్ప్లిట్ 2ది 07:00 నుంచి 20:00, అదీ 13. బాగానే కుదిరింది కదా అనిపిస్తుంది. కానీ ఆ టైమ్‌లు స్టాండ్ దగ్గర ఉండేవి. గేటు దగ్గర పాస్ చూపించి, సెక్యూరిటీ దాటి, బ్రీఫింగ్ విని, రేడియో తీసుకుని స్టాండ్‌కు చేరడానికి 20 నిమిషాలు పడుతుందనుకోండి. స్ప్లిట్ 1 నిజానికి 05:40కి హాజరవుతుంది. 19:00 నుంచి మర్నాడు 05:40కి 10 గంటల 40 నిమిషాలే.

దిద్దుబాటు ఇలా ఉంటుంది. స్ప్లిట్ 1ని 18:40కి వదిలేయాలి. ఆ గంటలో ఆరు చాలిన చోట ఏడు టీమ్‌లున్నాయి కాబట్టి నష్టం లేదు. స్ప్లిట్ 2ని 19:40కి వదలాలి. ఇక్కడ చిక్కుంది, సాయంత్రం టీమ్‌ల బ్రేక్ ఆ గంట మీదే ఆధారపడి ఉంది. కాబట్టి సాయంత్రం 2 బ్రేక్‌ను 18:00కి ముందుకు జరిపి, సాయంత్రం 3కి 19:00కి ఇవ్వాలి. ఆ అరగంట సేపు పీక్‌లో అదనపు టీమ్ ఉండదు. ఆ ధర చెల్లించక తప్పదు. ఇంకో నియమం కూడా రోస్టర్ షీట్ మీదే రాసి పెట్టండి: స్ప్లిట్ 2 చేసినవాళ్లను మర్నాడు స్ప్లిట్ 1కి వేయకూడదు, ఓవర్‌టైమ్ అడగకూడదు. ఎవరో సెలవు పెట్టారని డ్యూటీ మేనేజర్ ఫోన్ మీద మార్చేసేది సరిగ్గా ఈ రెండింటినే.

మధ్యలో దొరికే ఆరు గంటల ఖాళీ సంగతి. ఇంటికి వెళ్లడానికి గంట, రావడానికి గంట పోతే నాలుగు మిగులుతాయి. వాటిలో వంట, పిల్లలు, కాస్త నిద్ర. ఇది కొందరికి నచ్చుతుంది, చాలామందికి నచ్చదు. ప్రయాణం ఒక్క వైపే గంటన్నర పట్టేవాళ్లకు స్ప్లిట్ అంటే 13 గంటల డ్యూటీ కిందే లెక్క. ఎయిర్‌పోర్ట్ దగ్గర పడుకోవడానికి చీకటి గది, మంచాలు లేని చోట వాళ్లు సామాను ట్రాలీల పక్కనే కునుకు తీసి, అలసటతోనే సాయంత్రం బెల్ట్ లోడర్ ఎక్కుతారు. విమానం తలుపుకు లోడర్ తగిలించే ప్రమాదం పుట్టేది ఇలాంటి రెండో ముక్కలోనే. అందుకే స్ప్లిట్‌ను ఇష్టపడి అడిగినవాళ్లతోనే నింపాలి. ఆరు గంటలు పని చేయించినా పూర్తి రోజు జీతమో, స్ప్లిట్ అలవెన్సో ఇవ్వాలి. అలా ఇచ్చాక కూడా లాభం మిగులుతుందా అన్నది ముందే లెక్క వేయండి. మన కేసులో 15 మందికి ఆరు, ఏడు గంటల బదులు ఎనిమిది గంటల జీతం కట్టినా 80 టీమ్-గంటలే అవుతుంది. స్టాగర్డ్ 96 కంటే ఇంకా 16 తక్కువ.

పార్ట్‌టైమ్ ముక్కలు

స్ప్లిట్‌లో ఒకే మనిషి చేసే రెండు ముక్కల్ని ఇద్దరికి పంచితే విశ్రాంతి బాధ, మధ్య ఖాళీ బాధ రెండూ పోతాయి. గంటలు అవే 76. కానీ 15 మంది బదులు 30 మంది కావాలి. ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఎయిర్‌పోర్ట్ పాస్, ర్యాంప్ సేఫ్టీ, ప్రమాదకర సరుకుల ట్రైనింగ్, బూట్లు, జాకెట్టు. మూడు గంటలు చేసేవాడికి ట్రైనింగ్ గంటలు ఎనిమిది గంటలు చేసేవాడికి ఎన్నో అన్నే, తగ్గవు. పాస్ చేతికి రావడానికి వారాలు పట్టే చోట, మనుషులు త్వరత్వరగా మానేసే చోట ఈ పద్ధతి ఎప్పుడూ నిండని కుండే.

లోడింగ్‌కు పార్ట్‌టైమ్ బాగానే నడుస్తుంది. టీమ్ లీడ్, పుష్‌బ్యాక్ ట్రాక్టర్ డ్రైవర్ మాత్రం పూర్తి షిఫ్టు మనుషులై ఉండాలి. రోజుకు రెండు పుష్‌బ్యాక్‌లు చేసేవాడి చేయి ఏడు చేసేవాడి చేయిలా ఉండదు.

ఏది తీసుకోవాలి

మీ వక్రరేఖ మీద రెండే కొలతలు తీయండి. మొదటిది, తొలి పీక్‌కు సంతకం పెట్టే టైమ్ నుంచి రెండో పీక్ ముగిసే దాకా ఎన్ని గంటలు. రెండోది, మధ్యలో ఖాళీ ఎంత.

మొదటి కొలత తొమ్మిది లోపైతే స్టాగర్డ్ చాలు, స్ప్లిట్ గురించి ఆలోచించే పనే లేదు. 11 నుంచి 13 మధ్య ఉండి, ఖాళీ ఐదారు గంటలుంటే స్ప్లిట్ నిలబడుతుంది. ఖాళీ మూడు గంటలే అయితే ఇంటికి వెళ్లే వీలుండదు, జీతమూ ఉండదు. అలాంటి చోట స్ప్లిట్ పెట్టడం కంటే పొడవైన షిఫ్టు ఇచ్చి మధ్య ఖాళీని కూడా పనిగంటలుగానే లెక్కించడం మంచిది. 13 దాటితే, అంటే తొలి పీక్ 05:00కి మొదలై రెండోది 21:00కి ముగిసే స్టేషన్ అయితే, స్ప్లిట్‌ను ముట్టుకోవద్దు. అక్కడ పార్ట్‌టైమ్, లేదంటే స్టాగర్డ్ షిఫ్టులే ఉంచి మధ్య లోయను పనితో నింపడం. స్టాగర్డ్‌లో మిగిలే 31 టీమ్-గంటల్లో బ్రేక్‌లకు ఆరు పోతే 25 ఉంటాయి. రిఫ్రెషర్ క్లాసులు, ట్రాక్టర్లు, డాలీల రోజువారీ తనిఖీ, కడగడం ఆ టైమ్‌లోకి తోస్తే, ఓవర్‌టైమ్ మీద చేయిస్తున్న పని కొంత తగ్గుతుంది. అది కూడా పొదుపే.

మొత్తం స్టేషన్‌ను ఒకేసారి మార్చకండి. మూడు స్ప్లిట్లు కావాలని లెక్క వస్తే ఒక్కదానితో మొదలుపెట్టి, ఫ్లైట్ ఆలస్యానికి కారణం చెప్పే డిలే కోడ్‌లను నెల రోజులు గంటల వారీగా విడదీసి చూడండి. 32, 33 కోడ్‌లు లోడింగ్, లోడింగ్ పరికరాలు, వాటి సిబ్బంది కొరతకు. 93 అంటే విమానమే లేటుగా వచ్చింది. 32, 33లు 10:00, 14:00, 20:00 ప్రాంతంలో గుమికూడితే బిగువైన గంటలకు ఒక టీమ్ కలపాలి. 93లే ఎక్కువైతే షిఫ్టు టైమ్‌లు కదపడం దండగ, మధ్య టీమ్‌లాంటి అదనాన్ని పెంచాలి. కోడ్‌లు శుభ్రంగా ఉన్నా స్ప్లిట్ టీమ్‌ల సాయంత్రం ముక్కకు గైర్హాజరు పొద్దుటి ముక్క కంటే ఎక్కువగా ఉంటే అది రోస్టర్ మీద జనం ఇచ్చిన తీర్పు. అలవెన్స్ పెంచాలి, లేదా ఆ ముక్కను పార్ట్‌టైమ్‌కు ఇచ్చేయాలి.

ఫ్లైట్ షెడ్యూల్ సీజన్ మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఒకసారి మారుతుంది. ఒక్క ఎయిర్‌లైన్ తన సాయంత్రం ఫ్లైట్లను గంట వెనక్కి జరిపితే 13 గంటల స్ప్లిట్ కాస్తా 14 అవుతుంది. కొత్త షెడ్యూల్ చేతికి రాగానే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ కొలతే, ఎందుకంటే స్ప్లిట్ రద్దయితే దాని బదులు కావలసిన మనుషులకు పాస్‌లు తెప్పించడానికే వారాలు కావాలి.